స్పెక్ట్రమ్‌లో సగం పారేసి, మిగతా సగానికి మార్కులు వేస్తున్నాం

బెజవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల ఇమేజ్ ప్రాసెసింగ్ ల్యాబ్ రికార్డుల్లో నేను చూసినంతవరకు ఒకటే బొమ్మ ఉంటుంది. నల్లటి చదరం, మధ్యలో తెల్లటి వెలుగు, దాని మీదుగా ఒక ప్లస్ గుర్తు, కింద నీట్‌గా ‘ఫోరియర్ స్పెక్ట్రమ్’ అని. నిజానికి అది మాగ్నిట్యూడ్ మాత్రమే, అంటే బొమ్మని అలలుగా విడగొడితే ఏ అల ఎంత బలంగా ఉందో చెప్పే లెక్క. ఆ అలలు ఎక్కడ మొదలవుతున్నాయో చెప్పే ఫేజ్‌ని ఎవరూ ప్రింట్ తీయరు, తీస్తే చుక్కల గందరగోళం తప్ప ఏమీ కనపడదు కాబట్టి ఎగ్జామినర్‌కి చూపించడానికి బాగోదు. కానీ బొమ్మ బొమ్మలా కనపడటానికి కారణం ఆ గందరగోళమే. ఇది కొత్త సంగతేం కాదు, ఓపెన్‌హైమ్, లిమ్ 1981లోనే పేపర్ రాసి చూపించారు. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్న ఎవరైనా పది నిమిషాల్లో చేసి చూసుకోవచ్చు.

రెండు ఫొటోలు తీసుకోండి. ఒకటి ప్రకాశం బ్యారేజీ, దిగువన నిలబడి ఎదురుగా తీసింది. రెండోది మామయ్య పాస్‌పోర్టు ఫొటో. రెండూ బ్లాక్ అండ్ వైట్, 512×512. బ్యారేజీ మాగ్నిట్యూడ్‌కి మామయ్య ఫేజ్ తగిలిద్దాం:

```python
A = np.fft.fft2(barrage)
B = np.fft.fft2(face)
c = np.fft.ifft2(np.abs(A) * np.exp(1j * np.angle(B)))
print(np.abs(c.imag).max())
c = c.real
```

ఆ ప్రింట్ లైన్ ఊరికే పెట్టలేదు. అక్కడ దాదాపు సున్నా రావాలి. పెద్ద అంకె వస్తే ఎక్కడో తప్పు చేశారని అర్థం, ఉదాహరణకి `np.exp` లోపల `1j` మర్చిపోయి ఉంటారు. ఇంకో సంగతి, `c`లో మైనస్ విలువలూ 255 దాటినవీ వస్తాయి. వాటిని 0–255 మధ్యకి సర్దకుండా నేరుగా 8 బిట్లలోకి మారిస్తే నలుపు తెలుపు మచ్చలు పడతాయి, అది చూసి ప్రయోగం ఫెయిలైందనుకుని వదిలేసేవాళ్లున్నారు.

సరిగ్గా చేస్తే తెర మీదకి మామయ్యే వస్తాడు. కళ్లు, ముక్కు, మీసం ఎక్కడుండాలో అక్కడే. బ్యారేజీ నుంచి వచ్చింది రెండే: ఫొటో మొత్తం సగటు వెలుతురు, ముఖం మీద అడ్డంగా, నిలువుగా గీసినట్టుండే సన్నటి గీతలు. వంతెన అడ్డగీత, స్తంభాల నిలువుగీతల బలం మాగ్నిట్యూడ్‌లో ఉంది కాబట్టి ఆ దిక్కులు మిగిలాయి, వంతెన మాత్రం లేదు. తిప్పి చేస్తే ఇంకా బాగుంటుంది. స్తంభాలు మీ ఫొటోలో సుమారు 16 పిక్సెళ్లకి ఒకటి చొప్పున ఉన్నాయనుకుందాం, అప్పుడు స్పెక్ట్రమ్‌లో 32వ స్థానం దగ్గర గట్టి శిఖరం ఉంటుంది. మామయ్య మాగ్నిట్యూడ్‌లో అది లేదు. అందుకని స్తంభాలు పొగమంచులో ఉన్నట్టు పలచబడతాయి, కానీ ఒక్కటి కూడా తన చోటు నుంచి జరగదు.

ఎందుకిలా? ముఖాన్ని 20 పిక్సెళ్లు కుడికి జరపండి, అంచు దాటినదాన్ని ఎడమవైపు నుంచి తెచ్చి కలపండి. మాగ్నిట్యూడ్ ఇసుమంత కూడా మారదు, మారేదంతా ఫేజే. అంటే ఏది ఎక్కడుందో మాగ్నిట్యూడ్‌కి అసలు తెలియదు. పైగా మన చుట్టూ తీసే ఫొటోల్లో మాగ్నిట్యూడ్ ఇంచుమించు ఒకేలా, ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ దానికి విలోమంగా తగ్గుతూ పోతుంది. బ్యారేజీదీ అంతే, మామయ్యదీ అంతే, కాబట్టి మార్చుకుంటే పెద్దగా పోయేదేమీ లేదు.

నాకు అన్నిటికన్నా నచ్చిన రుజువు వేరే ఉంది. 512×512 నల్లటి చదరంలో ఒకే ఒక్క తెల్ల పిక్సెల్ పెట్టండి, విలువ 255. దాని మాగ్నిట్యూడ్ అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా 255, బల్లపరుపుగా. ఇప్పుడు మాగ్నిట్యూడ్‌ని ముట్టుకోకుండా ఫేజ్‌ని మాత్రం కలగాపులగం చేయండి (ఫలితం రియల్‌గా రావాలంటే ఒక నాయిజ్ బొమ్మ ఫేజ్‌ని అరువు తెచ్చుకోవడం తేలిక). పాత టీవీలో చానల్ పోయినప్పుడు వచ్చే చీమల గోల వస్తుంది. ఒక చుక్క, ఒక చీమల గోల, రెండింటికీ మాగ్నిట్యూడ్ అంకె అంకెకీ ఒకటే! మొత్తం శక్తి మారలేదు, 262144 పిక్సెళ్ల మీద పరుచుకుంది అంతే, ఒక్కోదాని విలువ సున్నాకి అటూ ఇటూగా సుమారు 0.5 ఉంటుంది. అందుకే కాంట్రాస్ట్ సాగదీయకపోతే అంతా నల్లగానే కనపడుతుంది. అలలన్నీ ఒక్క చోట కలిసి ఎగిస్తే చుక్క, ఆ కలయిక చెడితే గోల. ముఖంలో ప్రతి అంచూ అలాంటి కలయికే, దాని రికార్డు ఫేజ్‌లో ఉంది.

అవతలివాళ్ల మాటా వినాలి. గుంటూరు యార్డులో మిరపకాయల కుప్పని దగ్గరగా తీసి, వేరే ఫొటో ఫేజ్‌తో మార్చి చూడు, టెక్స్చర్ విషయంలో మాగ్నిట్యూడ్ పని చేస్తుందంటారు. నిజమే. బొమ్మని 4×4 పిక్సెళ్ల ముక్కలు చేసి ఒక్కో ముక్కలో విడిగా మార్చితే మాగ్నిట్యూడే గెలుస్తుందంటారు, అదీ నిజమే, కానీ ఏ ముక్క ఎక్కడుందో నువ్వే ముందుగా పట్టి ఉంచావు, ఇక ఫేజ్‌కి చెప్పడానికి మిగిలేది రెండు మూడు పిక్సెళ్ల తేడా. చుట్టూ సున్నాలు పెట్టిన బొమ్మని మాగ్నిట్యూడ్ ఒక్కదానితో తిరిగి తెచ్చే పద్ధతులున్నాయి కదా అనేవాళ్లకి నా జవాబు ఒకటే: ఆ పద్ధతులు వందల సార్లు తిరిగి తిరిగి వెతికేది పోయిన ఫేజ్‌నే.

ఇది ఫొటోల సరదా కాదు. ప్రోటీన్ స్ఫటికం మీద ఎక్స్-రే వేస్తే డిటెక్టర్ చుక్కల తీవ్రతని కొలుస్తుంది, దాన్నించి మాగ్నిట్యూడ్ వస్తుంది, ఫేజ్ గాల్లో కలిసిపోతుంది. చిన్న అణువుల స్ఫటికాల్లో దాన్ని లెక్కల ద్వారా రాబట్టే దారి చూపినందుకు హాప్ట్‌మన్, కార్ల్‌లకి 1985లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. ప్రోటీన్లకి ఇప్పుడు ఎక్కువగా చేసే పద్ధతి, పోలికలున్న పాత ప్రోటీన్ మోడల్ నుంచి ఫేజ్ అరువు తెచ్చుకోవడం. ఆగి చూడండి, కొలిచిన మాగ్నిట్యూడ్, అరువు ఫేజ్. మనం మామయ్యతో చేసిందే! కాబట్టి మోడల్ తప్పయినా లెక్కలో వచ్చే ఎలక్ట్రాన్ సాంద్రత మ్యాప్ దానిలాగే కనపడుతుంది, ‘చూశావా, సరిపోయింది’ అనిపిస్తుంది. ఆ రంగంలో వాళ్లు తెలివిగా ఏం చేస్తారంటే, మోడల్‌లో అనుమానం ఉన్న భాగాన్ని తీసేసి మిగతాదానితో ఫేజ్ లెక్కగట్టి, తీసేసిన భాగం మ్యాప్‌లో దానంతటదే వస్తుందా అని చూస్తారు. వస్తే అది కొలతల్లో ఉన్నట్టు, రాకపోతే మనం పెట్టిందే మనకి కనపడినట్టు.

మన ల్యాబుల్లో ఆ అనుమానమే రానివ్వం. రికార్డులోని ఆ ప్లస్ గుర్తు చాలాసార్లు బొమ్మది కూడా కాదు. కుడి అంచు వెలుతురు, ఎడమ అంచు వెలుతురు కలవకపోవడం వల్ల, పైన కింద కూడా అంతే కావడం వల్ల వచ్చేది. అంచుల దగ్గర మెల్లగా సున్నాకి తగ్గేలా విండో వేసి మళ్లీ తీస్తే చాలావరకు మాయమవుతుంది, బ్యారేజీలాంటి ఫొటోలో అయితే నిజమైన గీతలది కాస్త మిగులుతుంది. వైవాలో ‘స్పెక్ట్రమ్ మధ్యలో వెలుగు ఎందుకుంది’ అని అడిగే బదులు, చుక్క బొమ్మ, చీమల గోల బొమ్మ పక్కపక్కన పెట్టి వీటి స్పెక్ట్రమ్‌లో తేడా ఎక్కడుందో కోడ్ రాసి చూపించమనండి. మాగ్నిట్యూడ్ ప్రింట్ తీసినవాడికి రెండు కాగితాలూ ఒకేలా వస్తాయి.