ఆ 12 రోజుల్లో ఏం మారింది?

1922 జనవరి 11న టొరంటో జనరల్ హాస్పిటల్‌లో షుగర్ జబ్బుతో చావుకు దగ్గరైన లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల అబ్బాయికి రెండు పిరుదులకూ చెరో ఏడున్నర మిల్లీలీటర్ల చొప్పున ముదురు గోధుమ రంగు ద్రవం ఎక్కించారు. ఎద్దు క్లోమగ్రంథి నుంచి బాంటింగ్, బెస్ట్ అనే పరిశోధకులు తీసిన ఇన్సులిన్ సారం అది. అప్పటికి ఆ పిల్లాడి బరువు 30 కిలోలు కూడా లేదు. సూది వేశాక రక్తంలో చక్కెర 440 నుంచి 320కి దిగింది. కానీ సూది గుచ్చిన చోట గడ్డ లేచింది, మూత్రంలో కీటోన్లు మాత్రం తగ్గలేదు. డాక్టర్లు ఆ మందు ఆపేశారు.

ఇన్సులిన్ కథ చెప్పేటప్పుడు ఈ రోజును గెలుపుగా చెబుతుంటారు. నా దృష్టిలో అది ఓటమే. ఎందుకో తెలియాలంటే కీటోన్ల సంగతి అర్థం కావాలి. టైప్-1 షుగర్‌లో ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారు కాదు. రక్తం నిండా చక్కెర ఉన్నా కండరాలు దాన్ని వాడుకోలేవు. దాంతో శరీరం తన కొవ్వునే కరిగించుకుంటుంది. ఆ కొవ్వు నుంచి పుట్టే కీటోన్లు రక్తాన్ని ఆమ్లంగా మార్చేస్తాయి. ఆయాసం, వాంతులు, ఆ తర్వాత కోమా. అప్పటి పిల్లల్ని చంపింది ఎక్కువగా ఇదే. చక్కెర కాస్త దిగినా కీటోన్లు తగ్గలేదంటే, మందు అసలు పనికి చాలలేదన్నమాట.

ఇన్సులిన్ లేని రోజుల్లో డాక్టర్ల చేతిలో ఉన్నది పస్తు ఒక్కటే. అమెరికాలో ఫ్రెడరిక్ ఆలెన్ ఈ పద్ధతికి పేరుపడ్డాడు. తిండి బాగా తగ్గిస్తే చావు కొన్ని నెలలో, ఒకటి రెండేళ్లో వెనక్కి జరిగేది. ఎలిజబెత్ హ్యూస్ అనే అమ్మాయి 15 ఏళ్లు నిండబోయే నాటికి సుమారు 20 కిలోలకు చిక్కిపోయింది. ఆకలితో పోవడమా, జబ్బుతో పోవడమా అన్నదే ఆ తల్లిదండ్రుల ముందున్న ప్రశ్న.

జనవరి 11 తర్వాత పని జేమ్స్ కాలిప్ అనే రసాయన శాస్త్రవేత్త చేతిలో పడింది. క్లోమం సారంలో ఇన్సులిన్‌తో పాటు పనికిరాని ప్రొటీన్లు బోలెడు ఉంటాయి. సూది వేసిన చోట గడ్డ లేచేది వాటి వల్లే. కాలిప్ ఆ సారంలో ఆల్కహాల్ పాళ్లు కొంచెం కొంచెం పెంచుతూ పోయాడు. చాలా చెత్త ముందే విడిపోయి అడుక్కి దిగింది, ఇన్సులిన్ ఆల్కహాల్‌లోనే కరిగి ఉంది. ఆల్కహాల్ 90 శాతం దాటేసరికి ఇన్సులిన్ కూడా పొడిలా విడిపోయింది. ఆ పొడితో చేసిన మందును జనవరి 23న థాంప్సన్‌కు ఇచ్చారు. ఒక్క రోజులో చక్కెర 520 నుంచి 120కి వచ్చింది, కీటోన్లు పోయాయి. అతను మరో 13 ఏళ్లు బతికాడు. ఇన్సులిన్ అందిన ఎలిజబెత్ కూడా 1981 దాకా బతికింది.

అయితే చావు తప్పడం వేరు, జబ్బు అదుపులో ఉండటం వేరు. కాలిప్ కుందేళ్లకు మందిచ్చినప్పుడు కొన్నింటికి ఫిట్స్ వచ్చేవి, గ్లూకోజ్ ఇస్తే లేచి కూర్చునేవి. అంటే అదే మందు ఎక్కువైతే చక్కెర పడిపోయి ప్రాణం మీదకు వస్తుంది. పైగా మొదట్లో ఒక బ్యాచ్‌కు మరో బ్యాచ్‌కు బలం కలిసేది కాదు. అందుకే కుందేలు చక్కెరను ఎంత మందు ఎంత దించుతుందో చూసి 'యూనిట్' అనే కొలత పెట్టారు. ఆ కొలత కుదిరాకే రోగి ఇంట్లో తనే సూది వేసుకోవడం సాధ్యమైంది.

బతికిన పిల్లలు పెద్దవాళ్లయ్యాక కళ్లు, కిడ్నీలు దెబ్బతినడం మొదలైంది. చక్కెరను గట్టిగా అదుపు చేస్తే దీన్ని ఆపగలమా అన్న వాదన దశాబ్దాలు సాగింది. 1993లో వెలువడిన డీసీసీటీ అనే పెద్ద అధ్యయనం అవునని తేల్చింది. రోజుకు మూడు, నాలుగు సూదులతో చక్కెరను దగ్గరగా కాచుకున్నవాళ్లలో కంటి జబ్బు మొదలయ్యే ముప్పు 76 శాతం తగ్గింది. కానీ అదే గుంపులో షుగర్ మరీ పడిపోవడం మూడు రెట్లు ఎక్కువగా కనిపించింది. ఈ రెంటి మధ్య దారి వెతుక్కోవడమే ఇప్పటికీ రోజువారీ పని.

ఆ పనిలో ఎక్కడ తప్పు జరుగుతుందో మన ఇళ్లలోనే చూడొచ్చు. మన మందుల షాపుల్లో దొరికే మామూలు ఇన్సులిన్ సీసాల్లో మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉంటాయి, పెన్నులో వేసే కార్ట్రిడ్జుల్లో 100. సిరంజిలూ రెండు రకాలే: 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత. పెన్ను పాడైందని కార్ట్రిడ్జ్ మందును ఎర్ర మూత సిరంజిలోకి లాగి 10 గీత దాకా నింపితే, ఒంట్లోకి వెళ్లేది 10 కాదు, 25 యూనిట్లు. కాసేపటికి చెమటలు, వణుకు, తికమక మాటలు మొదలవుతాయి. మెలకువగా ఉండి మింగగలిగితే వెంటనే మూడు, నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి, పావుగంటకు మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. మందు కొనేటప్పుడు సీసా మీది అంకె, సిరంజి మీది అంకె పక్కపక్కన పెట్టి చూసుకోండి.