సవరణ: చెవుల మీద నూడుల్స్ గురించి

గత టపాలో ఉన్న వాక్యం: “చెవుల మీద నూడుల్స్ వేలాడదీయడం అనే రష్యన్ సామెతకు అర్థం, ఆపకుండా వాగి విసిగించడం.”

ఇందులో రెండు తప్పులున్నాయి. మొదటిది అర్థం. ‘వేషత్ లప్షూ నా ఊషి’ అంటే కల్లబొల్లి మాటలు చెప్పి నమ్మించడం. సోది ఎంత సాగినా అందులో అబద్ధం లేకపోతే ఈ మాట వాడరు. మనవాళ్లు ‘చెవిలో పువ్వు పెట్టడం’ అనేది దీనికి బాగా దగ్గర. చెవి కూడా అలాగే ఉంది, ఎంత ముచ్చటో!

నూడుల్స్ ఎవరి చెవులకు వేలాడతాయన్నదీ ముఖ్యమే. అవి వినేవాడి చెవులకు. రష్యన్‌లో ఆ మనిషిని చతుర్థీ విభక్తిలో చెబుతారు: ‘నే వేషయ్ మ్నే లప్షూ నా ఊషి’. ఇందులో ‘మ్నే’ అంటే నాకు. మాటకు మాట తెలుగు చేస్తే ‘నా చెవులకు నూడుల్స్ తగిలించకు’ అని వస్తుంది, చదివేవాడికి వంటిల్లు గుర్తొస్తుంది. ‘నా చెవిలో పువ్వు పెట్టకు’ అంటే సరిపోతుంది. చనువున్నచోట అనే మాట ఇది. పై అధికారితో అంటే మొరటుగా ఉంటుంది.

రెండో తప్పు ‘సామెత’ అనడం. ఇది జాతీయం. ఇందులో క్రియ, కర్త వాక్యాన్ని బట్టి మారతాయి. ‘స్లోవో నే వరబేయ్, వీలెతిత్ నే పయ్‌మాయెష్’ సామెత: మాట పిచ్చుక కాదు, ఎగిరిపోతే పట్టుకోలేవు. అది దానంతట అదే పూర్తి వాక్యం.