నంబరు సరిచూడని వారు నీతులు చెప్పడమా?

రీఫండ్ రాలేదనో, యూపీఐలో డబ్బు కట్ అయినా అవతలివారికి చేరలేదనో కంగారుపడ్డ మనిషి మొదట చేసే పని ఒకటే. ఫోన్ తీసి కంపెనీ పేరు, పక్కన ‘కస్టమర్ కేర్ నంబర్’ అని కొట్టి వెతుకుతాడు. పైనే ఒక పది అంకెల నంబరు, దాని పక్కన కాల్ బటన్ కనిపిస్తాయి. నొక్కితే ఎత్తేది మోసగాడు. నష్టపోయినవారికి దక్కేది మాత్రం ‘జాగ్రత్తగా ఉండాల్సింది’ అన్న చీవాట్లు. ఆ నంబరు ఎవరిదో సరిచూడకుండా చూపించినవారిని అడిగే నాథుడు లేడు.

ఇది నిన్నమొన్నటి బెడద కాదు. గూగుల్ మ్యాప్స్‌లో తమ శాఖల ఫోన్ నంబర్లను మార్చేస్తున్నారని బ్యాంక్ ఆఫ్ ఇండియా 2018లోనే మహారాష్ట్ర సైబర్ పోలీసులకు మొరపెట్టుకుంది. మ్యాప్స్‌లో ఏ సంస్థ వివరాలకైనా ‘సవరణ సూచించండి’ అనే వెసులుబాటు ఉంటుంది. మూతపడిన దుకాణం, మారిన చిరునామా సరిదిద్దడానికి పెట్టిన ఆ ద్వారం గుండానే మోసగాడు తన మొబైల్ నంబరు చొప్పిస్తాడు. అది కుదరకపోతే ఫలానా కంపెనీ కస్టమర్ కేర్ అంటూ కొత్త పేజీ తెరుస్తాడు. ప్రకటన కొంటాడు. ఎవరైనా రాయగలిగే వెబ్‌సైట్లలో కంపెనీ పేరునూ తన నంబరునూ పదేపదే రాసి వదులుతాడు. వెతుకులాట యంత్రం చూసేది అడిగిన మాటలు ఆ పేజీలో ఉన్నాయా, పేజీకి ఆదరణ ఉందా అన్నదే. నంబరు నిజంగా ఆ కంపెనీదేనా అన్నది దాని లెక్కలో లేదు. ఫోన్ చేసినవారి పేరు చూపించే యాప్‌లూ అంతే. పదిమంది కలిసి ఏ పేరు పెడితే ఆ పేరే తెరమీద కనిపిస్తుంది.

ఆ తర్వాతి తంతు చూడండి. ‘మీ ఫిర్యాదు నమోదు చేస్తున్నాం, ఒక మెసేజ్ పంపిస్తాం, దాన్ని ఈ నంబరుకు ఫార్వర్డ్ చేయండి’ అంటాడు. అర్థంపర్థం లేని అక్షరాలూ అంకెలూ కలిసిన పొడవాటి మెసేజ్ అది. యూపీఐ యాప్‌ను కొత్త ఫోన్‌లో తెరిచినప్పుడు, ఆ సిమ్ నుంచి బ్యాంకు వ్యవస్థకు వెళ్లాల్సిన ఎస్ఎంఎస్ సరిగ్గా ఇలాంటిదే. బాధితుడు తన సిమ్ నుంచి పంపగానే ఆ మొబైల్ నంబరు మోసగాడి ఫోన్‌కు ముడిపడుతుంది. ఇక మిగిలింది పిన్. ‘వెరిఫికేషన్’ పేరుతో డెబిట్ కార్డు చివరి ఆరంకెలు, గడువు తేదీ, ఓటీపీ రాబడతాడు. కొత్త పిన్ తనే పెట్టుకుంటాడు. అసలు పిన్ ఎవరికీ చెప్పలేదు కదా అని బాధితుడు ధీమాగా ఉండగానే ఖాతా ఖాళీ అవుతుంది.

కోట్లాది పేజీలను ఒక్కొక్కటిగా పరిశీలించలేమని గూగుల్ లాంటి వేదికలు అంటున్నాయి. ఫిర్యాదు వస్తే తొలగిస్తున్నామనీ చెబుతున్నాయి. కావచ్చు. అన్ని పేజీలనూ చూడమని ఎవరూ అడగడం లేదు. బ్యాంకులు, చెల్లింపుల యాప్‌లు, పెద్ద అమ్మకపు సంస్థల పేరుతో వచ్చే నంబర్లనైనా ఆ సంస్థ ధ్రువీకరించేదాకా చూపించకండి అంటున్నాం. ప్రకటన సొమ్ము తీసుకునేటప్పుడు లేని అశక్తత, నంబరు సరిచూసేటప్పుడే ఎందుకు పుట్టుకొస్తోంది?

కంపెనీల పాపమూ తక్కువ కాదు. కస్టమర్ కేర్ ఫోన్, ఈమెయిల్ వివరాలను కంపెనీలు తమ సొంత వేదికపై స్పష్టంగా ప్రదర్శించాలని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. నంబరును ఐదారు మెనూల వెనక దాచి, చాట్ బాక్సుతో సరిపెట్టే సంస్థే తన వినియోగదారుణ్ని వెతుకులాటకు తోలుతోంది. తీరా మోసం జరిగాక ‘మా అధికారిక నంబర్లనే వాడండి’ అని ప్రకటన ఇస్తుంది. ఆ అధికారిక నంబరు ఎక్కడ పెట్టారు మరి?

భారం ఎవరి నెత్తిన పడుతోందో చూస్తే అన్యాయం ఇంకా బాగా తెలుస్తుంది. 2017లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, చెల్లింపు వివరాలు తానే చెప్పేసిన ఖాతాదారుడు బ్యాంకుకు తెలియజేసేదాకా జరిగిన నష్టమంతా అతనిదే. అందుకే ఆ కొద్ది నిమిషాలు కీలకం. మోసమని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి, బ్యాంకుకు చెప్పి ఖాతా, యూపీఐ ఆపించాలి, cybercrime.gov.inలో ఫిర్యాదు నమోదు చేయాలి. నంబరు కావాలంటే డెబిట్ కార్డు వెనక, పాస్‌బుక్‌లో, యాప్‌లోని ‘సహాయం’ విభాగంలో చూడాలి. బ్యాంకు వెబ్‌సైట్ అయితే చిరునామా చివర .bank.in ఉందో లేదో గమనించాలి.

పాఠకులు ఇవన్నీ పాటిస్తారు. కానీ తప్పుడు నంబరును అందరికంటే పైన నిలబెట్టినవారికి ఏ ఉత్తర్వూ లేదు, ఏ నష్టమూ లేదు. ఏడేళ్లకు పైగా చోద్యం చూస్తున్న కేంద్ర ప్రభుత్వం, కాలర్ ట్యూన్లలో హెచ్చరికలు వినిపించి తన పని అయిపోయిందనుకోవడం సిగ్గుచేటు. ధ్రువీకరించని నంబరు చూపించిన వేదికనూ, నంబరు దాచిన కంపెనీనీ నష్టంలో వాటా భరించమని ముందు ఆదేశించండి.