ఎంపీ3గా మార్చినంత మాత్రాన వాటర్‌మార్క్ చెరిగిపోదు

“విడుదలకు ముందు పంపే పాటల్లో చెవికి వినిపించని గుర్తు ఒకటి పెడతారట, లీకైతే ఎవరి కాపీయో పట్టుకోవడానికి. భయపడక్కరలేదు. ఎంపీ3 చేసే పనే చెవికి వినిపించనిదాన్ని తీసేయడం. ఒక్కసారి 128 కిలోబిట్లలోకి మార్చండి, గుర్తు పోతుంది. ఏదైనా మిగిలినా ముక్కలైపోయి ఉంటుంది, అందులోంచి పేరు చదవడం ఎవరి తరమూ కాదు. నేను మార్చి చూశాను, వెతికే ప్రోగ్రామ్‌కు ఏమీ దొరకలేదు.”

మిక్సింగ్ పూర్తయిన పాటలను విడుదలకు ముందు కొద్దిమందికి పంపించే పని నాది. ఆ కాపీల్లో గుర్తులు పెట్టేది, తర్వాత వెతికేదీ నేనే. అందుకే ఈ మాటలు చేతులు మారుతూ తిరుగుతుంటే ఊరుకోలేకపోతున్నాను.

ముందు ఇందులో నిజమున్న చోటు చెబుతాను. సీడీ నాణ్యత ధ్వనిలో సెకనుకు 44,100 శాంపిళ్లు ఉంటాయి, ఒక్కొక్కటి 16 బిట్ల సంఖ్య. ఆ చిట్టచివరి బిట్‌లో రహస్యాన్ని రాయడం అందరికీ తెలిసిన తేలిక పద్ధతి. ఎంపీ3గా మార్చి వెనక్కి తెస్తే శాంపిళ్ల విలువలన్నీ కొద్దికొద్దిగా మారిపోతాయి. చివరి బిట్ అప్పుడు నాణెం ఎగరేసి రాసినట్టే ఉంటుంది, సగానికి సగం తప్పు. 16 వేల హెర్ట్జ్‌కు బాగా పైన దాచిన గుర్తుకూ అదే గతి, ఎందుకంటే 128 కిలోబిట్లలో ఎన్‌కోడర్లు సాధారణంగా ఆ పైభాగాన్ని కోసేస్తాయి. ఈ రెండు పద్ధతుల విషయంలో ఆ మాట అక్షరాలా నిజం.

కానీ లీకులు పట్టడానికి పెట్టే గుర్తు అక్కడ ఉండదు. గుర్తును ఎవరికీ పట్టని మూలల్లో కాక, మనిషి ఇంద్రియాలకు ముఖ్యమైన భాగాల్లోనే పెట్టాలని ఇంగెమార్ కాక్స్, ఆయన సహచరులు 1997లోనే తమ పరిశోధనాపత్రంలో వాదించారు. వినిపించకపోవడానికి కారణాలు రెండు. ఒకటి, శబ్దం చెవికి అందని చోట ఉండటం. రెండోది, దాని పక్కనే అంతకంటే ఎంతో బలమైన శబ్దం ఉండి దాన్ని కప్పేయడం. మన గుర్తు రెండో రకం. గాయని గొంతు గట్టిగా పలికిన చోట ఆ గొంతు నీడలోనే గుర్తు కూర్చుంటుంది. దాన్ని ఊడబెరకాలంటే గొంతునూ గాయపరచాలి.

ఆ చోట ఎంపీ3 నిజానికి చేసేది తీసేయడం కాదు, మోటుగా సర్దడం. ధ్వనిని ఫ్రీక్వెన్సీల వారీగా విడగొట్టి, ప్రతి విలువనూ దగ్గరున్న మెట్టు మీదికి జరుపుతుంది. మెట్ల మధ్య దూరం ఎక్కువైతే ఫైలు చిన్నదవుతుంది, రొద పెరుగుతుంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. మెట్ల మధ్య దూరం 80, మన గుర్తు ఒక్కో విలువకు 10 కలుపుతుంది లేదా 10 తీసేస్తుంది. అసలు విలువ 950 అయితే గుర్తు పెట్టాక 940 లేదా 960. రెండూ 960 మెట్టు మీదికే చేరతాయి, గుర్తు అక్కడ మాయమైంది. అసలు విలువ 1000 అయితే? 990 కిందికి జరిగి 960 అవుతుంది, 1010 పైకి జరిగి 1040 అవుతుంది. 20 ఉండాల్సిన తేడా 80 అయింది! ఇలాంటి సరిహద్దు విలువలు సుమారు నాలుగింట ఒకటి ఉంటాయి. నాలుగింట మూడు చోట్ల తేడా సున్నా, ఒక చోట 80, సగటు మళ్లీ 20. అంటే ఒక్కొక్క విలువలో గుర్తు చెదిరినా, మొత్తం మీద సగటున నిలిచే ఉంది. అసలు ఎంపీ3లో మెట్లు ఇంత సమానంగా ఉండవు కానీ, జరిగేది ఇదే.

మరి బలహీనపడటం ఎక్కడ? విలువలన్నీ మొదటి మెట్టులో సగం కంటే చిన్నవిగా ఉన్న చోట. అక్కడ అన్నీ సున్నాకే పడిపోతాయి, వాటితో పాటు గుర్తు కూడా పోతుంది, సగటు దాన్ని కాపాడలేదు. బిట్‌రేటు తగ్గేకొద్దీ ఇలా సున్నా అయ్యే భాగం పెరుగుతుంది. దీనికి తోడు, మిగిలిన చోట్ల సర్దుబాటు వల్ల కొత్త రొద చేరుతుంది.

ఇక ముక్కలైపోతే చదవలేరన్న మాట. గుర్తును పేరులా అక్షరం అక్షరం చదువుతారనుకోవడమే ఇక్కడి పొరపాటు. 30 మందికి పాట పంపితే, ఒక్కొక్కరి కాపీలో ఒక్కో ప్లస్-మైనస్ వరుస కలుపుతాం. చూడటానికి అది అర్థంలేని రొద. లీకైన ఫైలును ఆ 30 వరుసలతో విడివిడిగా శాంపిల్ శాంపిల్ గుణించి కూడుతాం. సంబంధం లేని వరుస అయితే కూడికలో ప్లస్‌లు మైనస్‌లు కొట్టుకుపోతాయి. సరైన వరుస అయితే ప్రతి శాంపిల్ ఒకే వైపుకు కాస్త తోస్తుంది. గుర్తు వల్ల వచ్చే మొత్తం శాంపిళ్ల సంఖ్యతో పాటు పెరుగుతుంది, యాదృచ్ఛికపు ఊగిసలాట మాత్రం దాని వర్గమూలంతోనే పెరుగుతుంది. అంతా ఈ తేడా మీదే నడుస్తుంది.

మూడు నిమిషాల పాటలో 79,38,000 శాంపిళ్లు, వర్గమూలం దాదాపు 2,817. గుర్తు బలం పాటలో నూరో వంతు అనుకుంటే సరైన వరుసకు వచ్చే అంకె, అంటే కూడిక ఆ ఊగిసలాటకు ఎన్ని రెట్లో చెప్పేది, 28. ఎంపీ3 గుర్తులో సగం తినేసినా 14. ముప్పావు తినేసినా 7. యాదృచ్ఛికంగా 6 దాటడానికి ఉన్న అవకాశం వంద కోట్లలో ఒకటి మాత్రమే కాబట్టి నేను 6 దగ్గర గీత గీస్తాను. ఇది ఆదర్శ లెక్క. సంగీతంలో పక్కపక్క శాంపిళ్లు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి, ఆ పోలికను ముందు చదును చేయకపోతే అసలు అంకె ఇంతకంటే తగ్గుతుంది. మరోవైపు, గుర్తులేని మాస్టర్ నా దగ్గరే ఉంది. లీకైన ఫైలును దానితో సరిగ్గా కలిపి తీసివేస్తే పాట చాలావరకు తొలగి, గుర్తూ ఎంపీ3 రొదా మిగులుతాయి. అప్పుడు అంకె ఎంతో పెరుగుతుంది. అయితే బలం సగమైతే అదే నమ్మకానికి నాలుగు రెట్లు పొడవైన ధ్వని కావాలి. పది సెకన్ల ముక్క మాత్రమే లీకై, అదీ బాగా కుదించినదైతే నేను నోరు మెదపను.

“మార్చి చూశాను, దొరకలేదు” అన్నదాన్ని నేను అబద్ధం అనను, ఎందుకంటే మొదట్లో నాకూ దొరకలేదు. ఒక రోజంతా వృథా అయ్యాక తెలిసింది, గుర్తు పోలేదు, జరిగింది. ఎంపీ3 పాట మొదట్లో కొంత ఖాళీని చేరుస్తుంది. లేమ్ ఎన్‌కోడర్‌తో సాధారణంగా ఎన్‌కోడింగ్‌కు 576, డీకోడింగ్‌కు 529, మొత్తం 1,105 శాంపిళ్లు, అంటే 25 మిల్లీసెకన్లు. ఆ లెక్క ఫైలు మొదట్లో రాసి ఉంటుంది, కొన్ని డీకోడర్లు దాన్ని చూసి ఖాళీని కత్తిరిస్తాయి, కొన్ని పట్టించుకోవు. యాదృచ్ఛిక వరుస ఒక్క శాంపిల్ పక్కకు జరిగినా కూడిక సున్నా దగ్గరికి పడిపోతుంది. ముందుకూ వెనక్కూ ఒక్కో శాంపిల్ జరుపుతూ వెతికితే, చదునైన గడ్డిమైదానంలో ఒంటి తాటిచెట్టులా ఒకే చోట అంకె లేచి నిలబడింది. జరిపి చూడని ప్రోగ్రామ్‌తో వెతికితే ఏమీ దొరకదు మరి. పాట వేగాన్ని కొద్దిగా మార్చినా ఇదే చిక్కు, ఇంకా పెద్దది, ఎందుకంటే జరుగుడు పాట పొడవునా మారుతూ పోతుంది. అది కుదింపు చేసే పని కాదు.

32 కిలోబిట్లకు నలిపేస్తే గుర్తు నిజంగానే 6 గీత కిందికి పోవచ్చు. వేర్వేరు కాపీలను తెచ్చి సగటు చేస్తే ఒక్కో గుర్తూ పలచబడుతుంది. ఇవి ఒప్పుకోవలసినవే. ఇంకొకటీ ఒప్పుకుంటాను. 17వ వరుసకు 14 వచ్చి మిగతా ఇరవై తొమ్మిదీ 3 దగ్గరే ఆగిపోతే, లీకైంది 17వ కాపీ అని ప్రమాణం చేసి చెప్పగలను. దాన్ని అందుకున్న మనిషే బయటపెట్టాడా, అతని ఫోను ఇంకెవరి చేతిలోనైనా పడిందా అన్నది ఆ అంకెలో లేదు. అది అతన్ని కూర్చోబెట్టి అడగాల్సిన ప్రశ్న.