నీలి చుక్కల అల్లుడు

భాద్రపద మాసంలో ఒక రాత్రి 9:40కి హైదరాబాదులో ఉండే మా బావగారి నుంచి, అనగా మా చెల్లెలి భర్త నుంచి, నా ఫోనుకు ఒక స్క్రీన్‌షాటు వచ్చింది. అందులో మ్యాపు ఉంది, ఆమదాలవలస రైల్వే స్టేషను దగ్గర మొదలై అరసవల్లిలోని మా ఇంటి దాకా వచ్చిన నీలి గీత ఉంది, అడుగున `3 hr 5 min (15 km)` అని ఉంది. ఎక్కడి నుంచి ఎక్కడికి అని చూపే రెండు పెట్టెలూ కత్తిరింపులో ఎగిరిపోయాయి. ఇక మాట అంటారా, ఒక్క అక్షరమైనా లేదు.

దారి అడుగుతున్నారని నేను అనుకున్నాను. పెళ్ళి విశాఖపట్నంలో జరగడం వల్లా, తరువాత వచ్చిన రెండుసార్లూ కారులోనే రావడం వల్లా ఆయనకు రైలుదారి తెలియదు. అందుచేత స్టేషను బయట ఆటో ఎక్కడం మొదలుకొని, శ్రీకాకుళం ఊళ్ళో ఏడు రోడ్ల కూడలి మీదుగా అరసవల్లికి తిరగడం దాకా ఓపికగా రాసి పంపాను. రెండు బూడిద రంగు టిక్కులు పడ్డాయి గాని అవి నీలంగా మారలేదు.

మా నాన్నగారు కళ్ళజోడు పెట్టుకుని చూసి, అడిగినది దారి కాదనీ, సమయమనీ తేల్చారు. పదిహేను కిలోమీటర్లకు మూడు గంటలేమిటని ఎవరికైనా అనుమానం రావలసిందే. రథసప్తమి నాడైతే ఆ లెక్కకు అర్థముంది, ఇది భాద్రపదం. "ఆటోలో అరగంట, మహా అయితే నలభై నిమిషాలు" అని రెండో సందేశం పంపాను. జవాబు లేదు. అయితే ఊరి విశేషాలు కావాలేమోనని, మార్చిలోనూ అక్టోబరులోనూ ఉదయపు కిరణాలు సూర్యనారాయణస్వామి పాదాలను తాకే సంగతి మూడో సందేశంగా రాశాను. రాత్రి పదింటికి అల్లుడికి స్థలపురాణం దేనికని మా అమ్మ అడిగింది. ఆ ప్రశ్న న్యాయమైనదే.

అప్పుడు పదో తరగతి చదివే మా అన్నయ్య కొడుకు ఫోను అందుకుని, బొమ్మను వేళ్ళతో పెద్దది చేసి, "ఇది గీత కాదు బాబాయ్, చుక్కలు" అన్నాడు. వాహనంలో వెళ్ళే దారిని మ్యాపు గీతగా గీస్తుందట, నడిచే దారిని చుక్కలుగా పెడుతుందట. గంటకు అయిదు కిలోమీటర్ల నడక లెక్కన మూడు గంటలు సరిగ్గా సరిపోయాయి.

"ఏటిరా, అల్లుడు నడిచొస్తన్నాడా?" అని మా అమ్మ లేచి నిలబడింది.

ఆ తరువాత ఎవరూ తర్కించలేదు. బావగారి ఫోను మోగి మోగి ఆగిపోయింది, చెల్లెలి ఫోను అసలు మోగనే లేదు. చీకట్లో సంచి మోసుకుంటూ వస్తున్న అల్లుడిని ఊహించుకున్న నాన్నగారు నన్ను స్కూటరు మీద పంపించారు. దారి పొడవునా నడిచి వచ్చే ప్రతి మనిషి దగ్గరా వేగం తగ్గించి ముఖం చూశాను; వారిలో ఒకాయన నన్ను దొంగననుకుని సంచిని ఇంకో చేతికి మార్చుకున్నాడు. ఆమదాలవలసలో ఉన్న ఆ స్టేషనులో, అనగా శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో, ప్లాట్‌ఫారాలన్నీ గాలించి బెంచీ మీద కూలబడిన సమయానికి, 11:20కి, జవాబు వచ్చింది.

"భోజనం చేసి కునుకు తీశాను బావగారూ. దసరాకు టికెట్లు తీస్తున్నాను. శ్రీకాకుళం అని కొడితే ఈ స్టేషనే వస్తోంది. మ్యాపులో చూస్తే మీ ఇల్లు ఇంత దూరముంది. దిగవలసింది ఇక్కడేనా, ఊళ్ళో వేరే స్టేషనుందా?"

అంటే ఆయనకు కావలసింది దారీ కాదు, సమయమూ కాదు, స్వామివారి మహిమా కాదు. స్టేషను పేరు చివర "రోడ్డు" అని ఉంటే, ఊరు అక్కడ లేదనీ, అక్కడి నుంచి రోడ్డెక్కి వెళ్ళాలనీ అర్థం. మార్కాపురం రోడ్డూ అంతే. ఇక చుక్కల మాట అడిగితే, పొద్దుట నడకకు వెళ్ళినప్పుడు పెట్టిన నడక గుర్తును యాప్ అలాగే ఉంచుకుందని చెప్పారు.

ఆ బెంచీ మీదే బొమ్మను మళ్ళీ చూశాను. బయలుదేరే చోట ఉన్నది తెల్లని సున్నా. మనిషి నిజంగా అక్కడ ఉండి దారి వెతికితే అక్కడ నీలి బిందువు కనిపించేది. ఆ ఒక్క సున్నాను ఇంట్లోనే గమనించి ఉంటే ముప్పై కిలోమీటర్ల పెట్రోలు మిగిలేది.

"ఇదే స్టేషను, ఇక్కడే దిగండి" అని రాశాను. ఈ "ఇక్కడే" అనే మాటను నేను అక్కడే కూర్చుని రాశానని ఆయనకు తెలియదు. వెంటనే ఒక బొటనవేలి బొమ్మ వచ్చింది. అది స్టేషనుకో, ఆటోకో, సూర్యకిరణాలకో తెలియక, అడిగే ఓపికా లేక, స్కూటరు తీశాను.