అడ్డగీత దగ్గర వేడి ఆగిపోదు

ఐసును ఆవిరయ్యేదాకా వేడి చేస్తూ, కాలంతో ఉష్ణోగ్రత ఎలా మారిందో గ్రాఫ్ గీస్తే, ఐసు కరిగే 0 డిగ్రీల దగ్గర ఒకటి, నీళ్లు మరిగే 100 డిగ్రీల దగ్గర ఒకటి అడ్డగీతలు వస్తాయి. వాటి గురించి ఒక వాదన ఇది:

"నీటి గ్రాఫ్‌లో గీత అడ్డంగా ఉన్నంతసేపూ నీళ్లు వేడి తీసుకోవు, అందుకే ఉష్ణోగ్రత పెరగదు. మంట పెంచితే ఆ గీత పైకి జరుగుతుంది. 100 డిగ్రీలు బాగా వేడి కాబట్టే రెండో అడ్డగీత అంత పొడుగు."

మొదటి మాటే అన్నిటికన్నా పెద్ద తప్పు. వేడి తీసుకోకపోతే ఐసు కరిగేదెలా? మన భీమవరం, ఆకివీడు వైపు చేపల లోడు కట్టేటప్పుడు చూడండి. ట్రేలో ఒక పొర చేపలు, ఒక పొర దంచిన ఐసు వేస్తారు. కిలో ఐసు కరిగి నీళ్లవడానికి చేపల నుంచీ చుట్టూ గాలి నుంచీ 334 కిలోజౌళ్ల వేడి లాక్కుంటుంది, అయినా కరుగుతున్నంతసేపూ 0 డిగ్రీల దగ్గరే ఉంటుంది. అదే 0 డిగ్రీల చన్నీళ్లు కిలో పోస్తే, అవి 10 డిగ్రీలకు చేరేసరికి తీసుకునేది 42 కిలోజౌళ్లే. చన్నీళ్లతో చేపలను చల్లగా ఉంచే పని జరగనిది అందుకే. కరిగేటప్పుడు అందిన వేడి అణువులను పట్టి ఉంచిన అమరికను సడలించడానికి పోతుంది. థర్మామీటరు చూపేది అణువుల కదలికను మాత్రమే కాబట్టి ఈ ఖర్చు దానికి కనపడదు. గుప్తోష్ణం అన్న పేరు అలా వచ్చిందే.

మంట సంగతి చిన్నది. పెంచితే గీత పొట్టిదవుతుంది గానీ పైకి పోదు. గ్రాఫ్‌లో అడుగున కాలం బదులు ఇచ్చిన వేడిని వేస్తే పొడవు కూడా మారదు.

ఇక రెండో గీత పొడవు. 100 గ్రాముల ఐసు 0 డిగ్రీల దగ్గర ఉందనుకుందాం. సెకనుకు 200 జౌళ్లు అందుతున్నాయి, బయటికేమీ పోవడం లేదు. కరగడానికి 33,400 జౌళ్లు, అంటే 167 సెకన్లు. 0 నుంచి 100 దాకా వేడెక్కడానికి 41,800, అంటే 209 సెకన్లు. అంతా ఆవిరవడానికి 2,26,000, అంటే 1,130 సెకన్లు, దాదాపు 19 నిమిషాలు. 100 దాకా చేర్చిన వేడికి అయిదు రెట్లు పైనే ఆ ఒక్క మెట్టు మీద పోయింది. కారణం 100 అన్న అంకె కాదు. కరిగినా అణువులు ఒకదాన్నొకటి ఆనుకునే ఉంటాయి. ఆవిరి కావాలంటే మాత్రం ఒకదాన్నుంచి ఒకటి పూర్తిగా విడిపోవాలి.

ల్యాబులో గీసిన మొదటి అడ్డగీత చాలాసార్లు ఏటవాలుగా వస్తుంది, పిల్లలు సిద్ధాంతాన్నే అనుమానిస్తారు. అక్కడ తప్పు కలపకపోవడంలో ఉంది. ఐసు పైన తేలుతుంటే మంట తగిలే అడుగు నీళ్లు ముందే 4, 5 డిగ్రీలకు వెళ్తాయి, థర్మామీటరు బల్బు అక్కడే ఉంటుంది. ఐసును మెత్తగా దంచి, బల్బు అడుగుకు తగలకుండా పట్టుకుని, సన్నటి మంట మీద కలుపుతూ చదివితే, చివరి ముక్క కరిగేదాకా 0 దగ్గరే నిలుస్తుంది.