మూడు పేజీల ప్రక్షాళన

ఆఫీసుకు బయలుదేరే ముందు మూడు పేజీలు రాసి బుర్ర ఖాళీ చేసుకునే ఉద్యోగులు మన మధ్య నానాటికీ పెరుగుతున్నారు కనుక, ఈ కార్యక్రమం నియమ నిబంధనలను ఎవరో ఒకరు గంభీరంగా చర్చించవలసిన సమయం వచ్చిందని భావిస్తున్నాను. ఎవరూ ముందుకు రాకపోవడంతో ఆ భారం నా మీద పడింది.

‘మార్నింగ్ పేజెస్’ అనే ఈ పద్ధతిని జూలియా కామెరాన్ అనే అమెరికా రచయిత్రి 1992లో వెలువడిన ‘ది ఆర్టిస్ట్స్ వే’ పుస్తకంలో వివరించారు. అది 12 వారాల సాధన. నియమాలు కొద్దిపాటివే. నిద్ర లేవగానే రాయాలి. చేత్తోనే రాయాలి. సరిగ్గా మూడు పేజీలు నిండాలి. మనసులో ఏది తోస్తే అది, ఎలా తోస్తే అలా రాయాలి. ఏమీ తోచకపోతే ‘ఏమీ తోచడం లేదు’ అన్న వాక్యాన్నే పేజీ నిండేదాకా రాయాలి. రాసింది ఎవరికీ చూపకూడదు, మొదటి ఎనిమిది వారాలపాటు రాసినవారు కూడా చదువుకోకూడదు. మన వర్ధమాన రచయితలకు కూడా ఈ చివరి నియమం వర్తింపజేస్తే బాగుంటుందనేవారున్నారు గాని, అది ఇక్కడ అప్రస్తుతం.

కామెరాన్ దీన్ని ప్రధానంగా కలం కదలని రచయితలకూ కుంచె కదలని చిత్రకారులకూ చెప్పారు. అయితే మంచి మందు ఏ రోగానికైనా పనికొస్తుందని గట్టిగా నమ్మే జాతి మనది. అందుచేత అది అనతికాలంలోనే అకౌంట్స్ సెక్షన్ దాకా వచ్చింది. ఆ సెక్షన్‌లో పనిచేసే ఒక ఊహాజనిత ఉద్యోగిని మన పరిశీలనకు స్వీకరిద్దాం. ఆయన హైదరాబాద్‌లో ఒక మధ్య తరహా కంపెనీకి జీఎస్టీ లెక్కలు చూస్తారు, పదిన్నరకు సీటులో ఉండాలి, ప్రతి నెలా 20వ తేదీకి రిటర్ను వేయాలి.

మొదటి ఆటంకం సమయం. మూడు పేజీలంటే అమెరికావారి ఎనిమిదిన్నర అంగుళాల వెడల్పు, పదకొండు అంగుళాల పొడవు గల కాగితాలు. చేత్తో నింపడానికి అరగంట నుంచి ముప్పావుగంట పడుతుంది. చేతిలో ఇమిడే చిన్న డైరీలో మూడు పేజీలు నింపి సాధన పూర్తయిందనుకునేవారున్నారు. ఆ పప్పులు ఇక్కడ ఉడకవు, కారణం కాసేపట్లో చెబుతాను. పదో తరగతి తరువాత సంతకానికి తప్ప కలం పట్టని మన ఉద్యోగికి మాతృభాషలో రాయడం మరీ ఆలస్యం. ‘స్త్ర’ రాసేసరికి ఆలోచన వీధి చివరకు వెళ్లిపోతుంది. పైగా ప్రతి వాక్యాన్నీ తప్పుపట్టే అంతర్గత విమర్శకుణ్ణి పట్టించుకోవద్దని కామెరాన్ హెచ్చరించారు గాని, మనలో కూర్చున్న ఆ విమర్శకుడు సాక్షాత్తూ హైస్కూలు తెలుగు మాస్టారని ఆమెకు తెలిసే అవకాశం లేదు. ఎర్ర సిరాతో ఒత్తు కింద గీత పడుతుందేమోనన్న భయంతో మన ఉద్యోగి రెండో వారం దాకా వ్యాకరణ శుద్ధంగానే దిగులు పడ్డారు.

రెండో ఆటంకం ఇల్లు. ఆయన రాస్తున్నంతసేపూ పాలు పొంగుతూనే ఉంటాయి, కుక్కర్ కూస్తూనే ఉంటుంది, మునిసిపల్ నీళ్లు వచ్చే రోజైతే మోటారు కూడా వేయాలి. ‘ఏమండీ, మోటారు!’ అని వంటింట్లోంచి కేక వినబడితే, సాధనలో ఉన్నానని సైగ చేయడానికి ఆయన ఎడమ చేతిని కేటాయించారు. ఆయన మనసు తేలికపడే ఆ ముప్పావుగంటలో పిల్లల బ్యాగూ, డబ్బాలూ, మోటారూ ఎవరి మనసులోకి బదిలీ అయ్యాయో ఆ నోటుబుక్కులో ఎక్కడా నమోదు కాలేదు. మూడు పేజీలకూ బయట జరిగే విషయం కనుక దీన్ని సాధనలోని లోపంగా పరిగణించలేము.

ఇక అసలు విషయానికి వద్దాం. కొత్తవారు ఆశించేదేమిటంటే, చింతను కాగితం మీద పెట్టగానే అది తలలోంచి దిగిపోతుందని. కొంత దిగుతుంది కూడా. కాకపోతే అన్ని చింతలూ ఒక జాతివి కావు. మన ఉద్యోగి రాసిన ఒకనాటి పేజీలు చూస్తే ఇది తెలుస్తుంది. మొదటి పేజీలో ‘ఏం రాయాలో తెలియడం లేదు, చేయి నొప్పిగా ఉంది, ఈ పెన్ను మంచిది కాదు’ అని ఉంది. పేజీ చివర మేనేజరు ప్రవేశించారు. రెండో పేజీ సగం దాకా ఆయనే. తరువాత పార్కింగ్‌లో అడ్డంగా స్కూటర్ పెట్టే పక్క ఫ్లాటాయన, తీసుకున్న అప్పు సంగతి ఎత్తని బావమరిది. ఒకటిన్నర, రెండు పేజీల దగ్గర ఫిర్యాదులు అయిపోయాయి. మనిషికి గట్టిగా ఉండే ఫిర్యాదుల సరుకు ఇంతే, ఎంత పెద్ద మేనేజరైనా పేజీన్నరకు మించి రాడు. అప్పుడు ఇంకా ఒక పేజీ ఖాళీగా మిగిలి ఉండడమే ఈ పద్ధతిలోని కిటుకు. ఆ ఖాళీని నింపక తప్పక ఆయన చేయి రాసింది ఇది: ‘ఆ ప్యాకింగ్ మెటీరియల్ వాళ్ల బిల్లు పోర్టల్‌లో కనబడటం లేదు. ఫోన్ చేస్తే గొడవవుతుందని వారం నుంచి చేయడం లేదు.’

చిన్న డైరీ పనికిరాదని ఇందుకే అన్నాను. అందులో మూడు పేజీలు మేనేజరుతోనే నిండిపోతాయి, పక్క ఫ్లాటాయనకు కూడా చోటుండదు.

సరఫరాదారు తన రిటర్నులో చూపని బిల్లు మీద కొన్నవాడికి తాను కట్టిన పన్ను జమ రాదు. ఆ సంగతి ప్రతి నెలా 14వ తేదీన పోర్టల్‌లో తయారయ్యే జీఎస్టీఆర్-2బీ అనే పన్ను జమ పట్టికలోనే తేలిపోతుంది. అంటే 14 నుంచి 20 దాకా మన ఉద్యోగి తలలో మోగుతున్నది మేనేజరు కాదు, చేయని ఒక ఫోను. ఇంత ఘనమైన సత్యాన్ని కనుగొన్నందుకు ఆయన నోటుబుక్కు మూసి, దానిపక్కన కాఫీ కప్పు పెట్టి, కిటికీలోంచి వెలుగు పడేలా ఫొటో తీసి, వాట్సాప్ స్టేటస్‌గా పెట్టి, ప్రశాంతంగా ఆఫీసుకు వెళ్లారు. ఫోను మాత్రం చేయలేదు. మర్నాడు మూడో పేజీలో అదే బిల్లు మళ్లీ వచ్చింది. ఆ మర్నాడు కూడా వచ్చింది, ఈసారి మరింత మంచి శైలిలో.

ఇక్కడ శాస్త్రజ్ఞుల మాట కొంత వినాలి. పూర్తికాని పనులు వేరే పని చేస్తున్నప్పుడు కూడా మనసులోకి చొరబడుతుంటాయనీ, ఆ పని పూర్తి చేయకపోయినా ఎప్పుడు, ఎక్కడ, ఎలా చేయాలో నిర్దిష్టంగా నిర్ణయించుకుంటే ఆ చొరబాటు ఆగిపోతుందనీ అమెరికా మనస్తత్వవేత్తలు మాసికాంపో, బౌమైస్టర్ 2011లో ప్రచురించిన ప్రయోగాల్లో చూపారు. అంటే మనసు అడిగేది ఓదార్పు కాదు, అపాయింట్‌మెంటు. ‘బిల్లు గురించి బెంగగా ఉంది’ అని రాస్తే బెంగకు చక్కని అక్షర రూపం వస్తుంది. ‘పదిన్నరకు సీటులో కూర్చోగానే, మెయిల్ తెరవక ముందే, వాళ్ల అకౌంటెంటుకు ఫోన్ చేసి ఆ బిల్లు నంబరు ఏ నెల రిటర్నులో చూపారో అడుగుతాను’ అని రాస్తే తల ఆ సంగతిని పదిన్నర దాకా వాయిదా వేస్తుంది.

కామెరాన్‌కు ఇది తెలియక కాదు. తొమ్మిదో వారం వచ్చాక పాత పేజీలన్నీ తీసి, రెండు రంగుల మార్కర్లతో చదవమని ఆమె చెప్పారు: ఒక రంగు కొత్తగా బోధపడ్డ విషయాలకు, రెండోది చేయవలసిన పనులకు. తడి చెత్త, పొడి చెత్త వేరు చేసినట్టన్నమాట. వేరు చేయని చెత్త ఎంత పెద్ద డబ్బాలో వేసినా కంపు కంపే. ఇబ్బందల్లా మనవాళ్లు తొమ్మిదో వారం దాకా రారు. నోటుబుక్కు కొన్నది మొదటి వారంలో, ఫొటో తీసింది రెండో వారంలో, మానేసింది నాలుగో వారంలో. మార్కర్లు మాత్రం ముందే కొని ఉంచారు.

మన ఉద్యోగి మొండివాడు కనుక తొమ్మిదో వారం చేరారు. ఆకుపచ్చ మార్కరు జ్ఞానోదయానికి, గులాబీ మార్కరు పనులకు అని నిర్ణయించి ఆదివారం మధ్యాహ్నం కూర్చున్నారు. సాయంత్రానికి ఆకుపచ్చది మూత తీసినట్టు కూడా లేదు. గులాబీది సగం అరిగింది, అందులో ఎక్కువ భాగం ‘ఫోన్ చేయాలి’ అనే రెండు మాటల మీదే. మూడు రోజులు వరుసగా ఒకే వాక్యం కనబడితే అది ప్రక్షాళన కాదు, నెమరువేత అని గుర్తించాలి. ఎనిమిది వారాలు ఆగి ఆ సంగతి తెలుసుకోవడం 20వ తేదీ గల ఉద్యోగాలకు కుదరదు. రాస్తున్నప్పుడే పని కనబడిన చోట మార్జిన్‌లో ఒక చుక్క పెట్టి, మూడో పేజీ అయ్యాక చుక్కల్లో ఒక్కదాన్ని మాత్రం గంటతో సహా చీటీ మీదకు ఎక్కిస్తే, చదవకూడదన్న నియమమూ నిలుస్తుంది, రిటర్నూ పడుతుంది. చుక్కలన్నీ ఎక్కిస్తే అది మళ్లీ నాలుగో పేజీ అవుతుంది.

ఈ సంస్కరణను ఆయన గర్వంగా ఇంట్లో ప్రకటించినప్పుడు, ఆయన భార్య ఏ మాటా అనకుండా గోడ క్యాలెండర్ చూపించారు. మర్నాటి పాలు, గ్యాస్ బుకింగ్, పిల్లవాడి ఫీజు, ఒక్కొక్కదాని పక్కనా ఒక గంట. పడుకోబోయే ముందు రాస్తారట, ఐదు నిమిషాలు. మర్నాటి పనులను ఇలా ఐదు నిమిషాలు రాసి పడుకున్నవారు, అయిపోయిన పనుల గురించి రాసినవారికన్నా త్వరగా నిద్రపోయారని అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయంవారు 2018లో ప్రచురించారు. వారు నిద్ర ప్రయోగశాలలో చేశారు. ఈవిడ స్టవ్ తుడుస్తూ చేస్తున్నారు.

చివరగా పరిపాలనాపరమైన ఒక సమస్య. రోజుకు మూడు పేజీల చొప్పున ఏడాదికి 1,095 పేజీలు, అందులో సగం మేనేజరు. వీటిని ఎవరికీ చూపరాదన్న నియమం రాసిన రోజుతో ముగియదు. మన ఉద్యోగి దీపావళి శుభ్రతలో పాత న్యూస్‌పేపర్లతోపాటు నాలుగు నోటుబుక్కులను పొరపాటున తూకానికి వేశారు. వారం తరువాత ఆఫీసు పక్క బండి నుంచి తెప్పించిన మిరపకాయ బజ్జీల పొట్లం విప్పినప్పుడు, నూనె మరకల మధ్య తన దస్తూరీని ఆయన వెంటనే గుర్తుపట్టారు. పొట్లం మేనేజరుగారి టేబుల్ మీద ఉంది. కాగితాలను అడ్డంగా, నిలువుగా చింపి వేయాలన్న నిబంధనను కూడా పద్ధతిలో చేర్చవలసిందిగా సంబంధితులకు మనవి చేస్తున్నాను.